పుట్ ఆప్షన్: షేరుకు బీమా

ఆప్షన్స్ అనగానే మీలో చాలామందికి పేకాట గుర్తొస్తుంది. తప్పులేదు. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది. అయినా ఈ సాధనానికి ఇంకో ముఖం ఉంది.

మీ దగ్గర 400 రూపాయల ధర ఉన్న షేర్లు 500 ఉన్నాయనుకుందాం. విలువ 2 లక్షలు. కంపెనీ ఫలితాలు వారంలో వస్తాయి, భయంగా ఉంది. నెలాఖరులో ఆ షేర్లను 380కి అమ్మే హక్కునిచ్చే పుట్ ఆప్షన్‌ను షేరుకు 8 రూపాయల చొప్పున కొన్నారు. ఖర్చు 4,000. అదే ప్రీమియం.

ధర 300కు పడిందా? షేర్ల మీద 50,000 పోయింది, పుట్ మీద 40,000 వచ్చింది. ప్రీమియం కలుపుకుని నష్టం 14,000. ధర ఇంకెంత పడినా నెలాఖరు లెక్కలో అంతకు మించదు. షేరు 450కి పెరిగితే 25,000 లాభంలో 4,000 పోతుంది. కారు బీమా కట్టి ప్రమాదం జరగనట్టే, ఏడవక్కర్లేదు.

అయితే ప్రతినెలా ఇలా కొంటే ఏడాదికి 48,000, అంటే మీ పెట్టుబడిలో దాదాపు పావువంతు ప్రీమియంకే సరి! పైగా మార్కెట్ బెదిరినప్పుడే ప్రీమియం మండిపోతుంది. లాట్ సైజు కన్నా తక్కువ షేర్లున్నవాళ్లకు ఈ లెక్క అతకదు.

షేర్లే లేకుండా పుట్ కొంటే మాత్రం అది బీమా కాదు, పందెం. కొనే ముందు మీ డీమ్యాట్ ఖాతా ఒకసారి చూసుకోండి.