అక్షాలు తిప్పితే మాయమయ్యే xy

ఇంటర్ మొదటి సంవత్సరంలో గణితం 1బీ చదివినవాళ్లకు అక్ష పరివర్తన పాఠం గుర్తుండే ఉంటుంది. ax² + 2hxy + by² ఉన్న సమీకరణం ఇచ్చి, అందులో xy పదం పోవాలంటే అక్షాలను ఎంత కోణం తిప్పాలో కనుక్కోమంటారు. tan 2θ = 2h/(a − b) అనే సూత్రంలో అంకెలు వేస్తే కోణం వచ్చేస్తుంది.

ఒక లెక్క చేద్దాం: 5x² + 4xy + 2y² = 6. ఇది పక్కకు ఒరిగిన దీర్ఘవృత్తం. ఇక్కడ a = 5, h = 2, b = 2 కాబట్టి tan 2θ = 4/3, అంటే tan θ = 1/2. కొత్త X అక్షం (2, 1) బిందువు వైపు వెళ్తుంది. Y అక్షం దానికి లంబంగా (−1, 2) వైపు వెళ్తుంది. ఈ కొత్త అక్షాల మీద సమీకరణం 6X² + Y² = 6 అవుతుంది. xy పదం పోయింది. ఒరిగిన దీర్ఘవృత్తం ఇప్పుడు తన దీర్ఘాక్షం, హ్రస్వాక్షాల మీదే నిలబడి కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో అక్షాలు లంబంగా ఉండాలని మనమే ముందుగా షరతు పెట్టుకున్నాం. రెండు అక్షాలనూ కలిపి తిప్పాం కనుక వాటి మధ్య 90 డిగ్రీలు చెదరలేదు. ఆ షరతేమీ పెట్టకుండా, ఈ సమీకరణానికి సహజమైన దిశలు ఏవో విడివిడిగా వెతికితే? అప్పుడు కూడా అవి లంబంగానే దొరుకుతాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ సంగతే.

వెతకడానికి సమీకరణాన్ని మాత్రికగా రాసుకోవాలి. x², y² గుణకాలు 5, 2 వికర్ణం మీద కూర్చుంటాయి. xy గుణకం 4ను చెరిసగం చేసి మిగతా రెండు చోట్ల 2, 2గా పెడతాం. దీన్ని A అందాం:

```
5  2
2  2
```

వికర్ణానికి అటూ ఇటూ ఒకే సంఖ్య ఉంది కనుక ఇది సౌష్ఠవ మాత్రిక. దీనితో ఏదైనా సదిశను గుణిస్తే సాధారణంగా దాని దిశ మారిపోతుంది. ఉదాహరణకు (1, 0)ను గుణిస్తే (5, 2) వస్తుంది. కానీ (2, 1)ను గుణించి చూడండి: (12, 6) వస్తుంది. దిశ మారలేదు, పొడవు మాత్రం ఆరు రెట్లయింది. (−1, 2)ను గుణిస్తే అదే (−1, 2) తిరిగి వస్తుంది. ఇలా దిశ మారని సదిశలను ఐగన్ సదిశలనీ, పొడవు ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్యలను ఐగన్ విలువలనీ అంటారు. ఇక్కడ ఆ విలువలు 6, 1. కొత్త సమీకరణం 6X² + Y²లో కనిపించిన గుణకాలు ఇవే.

(2, 1), (−1, 2)ల బిందులబ్ధం −2 + 2, అంటే సున్న. రెండు సదిశలూ లంబంగా ఉన్నాయి. ఇది ఈ అంకెలకే కుదిరిందా, ఎప్పుడూ ఇంతేనా?

జవాబు సౌష్ఠవ మాత్రికకున్న ఒక గుణంలో ఉంది. ఏ రెండు సదిశలనైనా తీసుకోండి, p = (1, 2), q = (3, 1) అనుకుందాం. Ap = (9, 6). దీనికీ qకీ బిందులబ్ధం 27 + 6 = 33. ఇప్పుడు pని వదిలేసి qని గుణిద్దాం. Aq = (17, 8). దీనికీ pకీ బిందులబ్ధం 17 + 16 = 33. మాత్రికను ఏ సదిశకు తగిలించినా బిందులబ్ధం ఒకటే. విస్తరించి రాస్తే రెండు లెక్కల్లోనూ అవే పదాలు వస్తాయి, వికర్ణానికి అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యలు స్థానాలు మార్చుకుంటాయంతే. అవి సమానమైతే తేడా ఉండదు.

ఇప్పుడు p, q రెండూ ఐగన్ సదిశలే అనుకుందాం, వాటి విలువలు 6, 1. A ను pకి తగిలిస్తే బిందులబ్ధం 6(p·q) అవుతుంది. qకి తగిలిస్తే 1(p·q) అవుతుంది. రెండూ సమానం కావాలని ఇప్పుడే చూశాం. ఒక సంఖ్యకు ఆరు రెట్లూ ఒక రెట్టూ సమానం కావాలంటే ఆ సంఖ్య సున్న కాక తప్పదు. అంటే p·q = 0. 6, 1ల స్థానంలో ఏ రెండు వేర్వేరు ఐగన్ విలువలున్నా వాదన అదే, మాత్రిక ఎంత పెద్దదైనా అదే.

సౌష్ఠవం లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. ఈ మాత్రికకు ఐగన్ విలువలు 2, 3:

```
2  1
0  3
```

వాటి సదిశలు (1, 0), (1, 1). వీటి మధ్య కోణం 45 డిగ్రీలే. పైన తీసుకున్న (1, 2), (3, 1)తో పరీక్షిస్తే ఒకవైపు 18, మరోవైపు 13 వస్తాయి. లంబత్వానికి ఆధారమైన సమానత్వం ఇక్కడ లేనే లేదు.

A దగ్గరకు తిరిగి వద్దాం. దాని రెండు ఐగన్ సదిశల పొడవూ √5. ఆ పొడవుతో భాగించి వాటిని నిలువు వరసలుగా పేరిస్తే ఒక మాత్రిక వస్తుంది. దాన్ని Q అందాం. నిలువు వరసలు పరస్పరం లంబంగా, ఒక యూనిట్ పొడవుతో ఉన్నాయి కాబట్టి Qకి విలోమం కనుక్కునే శ్రమ లేదు; అడ్డు వరసలనూ నిలువు వరసలనూ తారుమారు చేసిన Qᵀ చాలు. QᵀAQ గుణిస్తే వికర్ణం మీద 6, 1 మిగులుతాయి, మిగతా చోట్ల సున్నలు. లంబ వికర్ణీకరణ అంటే ఇదే. తరగతి గదిలో అక్షాలు తిప్పినప్పుడు మనం చేసిందీ ఇదే.

ఐగన్ విలువలు రెండూ ఒకటే అయితే పై వాదన ఏమీ చెప్పదు. విద్యార్థులు తరచుగా జారిపడేది ఇక్కడే. వికర్ణం మీద 2లు, మిగతా అన్ని చోట్లా 1లు ఉన్న 3×3 మాత్రికకు ఐగన్ విలువలు 4, 1, 1. నాలుగుకు సదిశ (1, 1, 1). ఒకటికి (1, −1, 0), (1, 0, −1) వెంటనే తడతాయి. ఇవి రెండూ (1, 1, 1)కు లంబమే, కానీ వాటి బిందులబ్ధం 1, సున్న కాదు. వీటినే యూనిట్ పొడవుకు తెచ్చి Qలో పెడితే QᵀQ గుణించినప్పుడు ఏకాంక మాత్రిక రాదు, తప్పు అక్కడే బయటపడుతుంది. సరిచేయడం తేలిక. రెండోదానిలోంచి మొదటిదానిలో సగం తీసేసి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే (1, 1, −2) వస్తుంది. ఇదీ ఐగన్ సదిశే, మిగతా రెండింటికీ లంబం కూడా. వాస్తవ సంఖ్యలున్న ఏ సౌష్ఠవ మాత్రికకైనా ఇలాంటి లంబ సదిశలు పూర్తి సంఖ్యలో దొరుకుతాయి. దాని ఐగన్ విలువలన్నీ వాస్తవ సంఖ్యలే అవుతాయని 1829లో ఫ్రెంచి గణితవేత్త కోషీ నిరూపించాడు. గ్రహాల కక్ష్యల్లో నెమ్మదిగా వచ్చే మార్పులను లెక్కించే సమీకరణం మీద పనిచేస్తూ ఆయన అక్కడికి చేరాడు.

అదే గ్రహాల లెక్క కోసం 1846లో జర్మన్ గణితవేత్త జకోబీ మన ఇంటర్ సూత్రాన్నే పెద్ద మాత్రికలకు వాడాడు. అప్పటికి తెలిసిన ఏడు గ్రహాలకు ఏడు వరసల మాత్రిక. ఆయన రెండేసి అక్షాలను తీసుకుని tan 2θ = 2h/(a − b) కోణంతో తిప్పుతూ, వికర్ణం బయట ఉన్న ఒక్కో జతను సున్న చేస్తూ వెళ్లాడు. ఒక జతను చంపితే అంతకుముందు చంపిన జత మళ్లీ ప్రాణం పోసుకోవచ్చు. అయినా ప్రతి తిప్పుకూ వికర్ణం బయటి సంఖ్యల వర్గాల మొత్తం 2h² మేర తగ్గుతుంది. అందుకే ప్రతిసారీ మిగిలినవాటిలో పెద్ద జతను ఎంచుకుంటూ పోతే ఆ మొత్తం సున్నకు ఎంత దగ్గరకు కావాలంటే అంత దగ్గరకు చేరుతుంది. అప్పుడు వికర్ణం మీద ఐగన్ విలువలు, చేసిన తిప్పులన్నిటి లబ్ధంలో లంబమైన ఐగన్ సదిశలు ఒకేసారి చేతికొస్తాయి.