కేకు మీద పేరు ఎవరు రాయాలి?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త ఎడంగా మా బావకి చిన్న బేకరీ ఉంది. ఒక సాయంత్రం నేను అక్కడ కూర్చుని ఉండగా ఒక పెద్దావిడ కేకు డబ్బా వెనక్కి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. మూత తీస్తే కిలో బటర్‌స్కాచ్ కేకు, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో పొందికగా 'నిఖిత' అని ఉంది. మనవరాలి పేరేమో లిఖిత. ఆర్డరు ఇచ్చింది హైదరాబాద్‌లో ఉంటున్న కొడుకు, అదీ బస్సులో కూర్చుని ఫోన్లో. ఇటు ఫోను ఎత్తింది మా అక్క, ఆమె వెనకాల క్రీము గిలక్కొట్టే మిషను తిరుగుతోంది. మాస్టరు మొదటి అక్షరం గీకేసి, ఆ మేర క్రీము పూసి, 'ఎల్' రాసిచ్చాడు. మచ్చ మాత్రం తెలుస్తూనే ఉంది. బావ వంద రూపాయలు వెనక్కి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "డబ్బుకేటి బావూ, దాని పేరు కదా" అని డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే బావ నన్ను వెబ్‌సైట్ గురించి అడిగాడు. ఆ కేకుకీ వెబ్‌సైట్‌కీ సంబంధం ఉందని అప్పటికి మా ఇద్దరికీ తట్టలేదు.

నిజానికి అతనికి ఒక వెబ్‌సైట్ అంతకుముందే ఉంది. రెండేళ్ల కింద విశాఖలో ఎవరో చేసిచ్చారు. తెరవగానే ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంటాయి. అందులో ఒక్క కేకూ మా బావది కాదు. 'మా గురించి' అని ఒక పేజీ, వస్తువులు వేసుకునే బుట్ట, మెయిల్ పంపే ఫారం ఉన్నాయి. ఆ మెయిల్ ఐడీకి పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒకసారి బుట్టలోంచి రాజాంకి రెండు కిలోల కూల్ కేకు ఆర్డరు వచ్చిందట. చూసుకునేసరికి ఆ పుట్టినరోజు అయిపోయి నాలుగు రోజులు. ఇంక చాలని బావ దాన్ని గాలికొదిలేశాడు.

ఈసారి ఫోన్లో హైదరాబాద్ కరాచీ బేకరీ సైటు చూపించి, "ఇలాటిది సేయించాల" అన్నాడు. దేశ విభజనలో సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కొట్టు అది. దాని పేరు నిలిపింది ఫ్రూట్ బిస్కెట్. డబ్బాలో పెట్టి ఊళ్లు దాటించినా బిస్కెట్‌కి ఏమీ కాదు, కాబట్టి ఆ కొట్టుకి ఎక్కడున్నవాడైనా కొనుగోలుదారుడే. వాళ్ల సైటుకి బుట్టా, పార్శిలు లెక్కా, రకరకాల డబ్బాల ఫొటోలూ కావాలి. మా బావ అమ్మే క్రీము కేకు మే నెలలో నరసన్నపేట దాకా వెళ్లాలన్నా గండమే. బిస్కెట్‌కి కుట్టిన చొక్కా కేకుకి తొడిగితే ఎలా సరిపోతుంది? మొదటి సైటు చేసినవాళ్లు చేసిందీ అదే. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. సైటు వల్ల ఏం జరగాలో వాళ్లని కూర్చోబెట్టి చెప్పినవాళ్లెవరూ లేరు.

అందుకని నేను ముందు అడిగింది ఒకటే. ఈ సైటు ఉంటే నీ కొట్లో ఏది మారాలి? బావ తడుముకోకుండా "అమ్మకాలు పెరగాల" అన్నాడు. ఏ అమ్మకాలు అన్నాను. ఎగ్ పఫ్‌లు, క్రీమ్ బన్నులు సాయంత్రం ఆరున్నరకల్లా అయిపోతాయి. వాటికోసం ఎవరూ ఫోను చూసుకుని రారు, వాసనకే వస్తారు. బ్రెడ్డు, రస్కులు లైను ఆటోలో పల్లెల్లో టీ కొట్లకి వెళతాయి. ఆ కొట్లవాళ్లందరినీ బావ పేరు పెట్టి పిలుస్తాడు, వాళ్లకి అతని ఫోను చాలు. ఇంక మిగిలింది ఆర్డరు కేకులు. వాటికి క్రీము పెట్టే మాస్టరు ఒక్కడే. స్పాంజి పొయ్యిలోంచి దిగాక పూర్తిగా చల్లారాలి, వేడి మీద క్రీము పెడితే జారిపోతుంది. ఆ తర్వాత కోసి, పాకం తడిపి, పూసి, పేరు రాసేసరికి కిలో కేకుకి ముప్పావు గంట. మిగతా పనులు చూసుకుంటూ రోజుకి ఎనిమిది చేయగలడు. శని, ఆదివారాల్లో ఇప్పటికే పది మీద పడుతున్నాయి. డిసెంబరు 31 సంగతి అడక్కండి. అంటే 'అమ్మకాలు పెంచడం' అనే లక్ష్యం ఫలించిందంటే మాస్టరు పారిపోతాడు.

దీన్ని కుర్చీలో కూర్చుని ఊహించి తేల్చలేం. పదిహేను రూపాయలు పెట్టి నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి కొని ఫోను పక్కన పెట్టాం. ఫోను వచ్చిన ప్రతిసారీ ఎవరు, ఎక్కడినుంచి, ఏం అడిగారు అని అక్క ఒక ముక్క రాయాలి. మొదటి రెండు రోజులు విసుక్కుంది. మూడో రోజు నుంచి తనే ఆసక్తిగా, అవసరానికి మించి రాసింది ("మళ్లీ ఆయనే!" అని మూడు చోట్ల ఉంది). పద్నాలుగు రోజులకి 186 ఫోన్లు. ధర ఎంత, ఏ సైజు ఎంతమందికి వస్తుంది అని అడిగినవి 61. ఇవాళ సాయంత్రానికి అవుతుందా అని 48. తెరిచి ఉందా, ఎక్కడ అని 12. టీ కొట్ల రస్కులవి 22. మేం ఊహించనిది చివరి వరస: ఆర్డరు ఇచ్చేశాక మళ్లీ చేసినవి 43. పేరు సరిగ్గా రాసుకున్నారా, టైము మార్చండి, గుడ్డు లేకుండా అని చెప్పానా, మా నాన్న వస్తారు ఆయనకి ఇవ్వండి — ఇలాంటివి.

ఈ 43నీ ఆర్డరు పుస్తకం పక్కన పెట్టి చూశాం. ఆ రెండు వారాల్లో కేకు ఆర్డర్లు 74. వాటిలో 19కి డబ్బు కట్టినవాళ్లు ఊళ్లో లేరు. హైదరాబాద్, చెన్నై, దుబాయ్. ఈ జిల్లా సగం బయటే బతుకుతోందని మనకి తెలియంది కాదు, కానీ కేకు పుస్తకంలో అది కనిపిస్తుందని నేను అనుకోలేదు. 43లో 29 ఫోన్లు ఈ 19 ఆర్డర్లవే, అంటే ఆర్డరుకి ఒకటిన్నర. ఊళ్లోవాళ్ల 55 ఆర్డర్లకి 14 ఫోన్లు, నాలుగు ఆర్డర్లకి ఒకటి. ఊళ్లో ఉన్నవాడు కౌంటరు దగ్గర నిలబడి, పుస్తకంలో తన పేరు తనే చూసుకుని వెళతాడు. దూరాన ఉన్నవాడికి ఆ పుస్తకం కనపడదు, అందుకే మళ్లీ మళ్లీ ఫోను చేస్తాడు. రెండు వారాల్లో పాడైన కేకులు మూడు: రెండింటికి పేరు తప్పు, ఒకదానికి తేదీ తప్పు. మూడూ బయటూరి ఆర్డర్లే.

అప్పుడు ఒక వాక్యం రాశాం. నాలుగుసార్లు కొట్టేశాక మిగిలిన వాక్యం ఇది: 'ఊళ్లో లేని మనిషి, ఒక్క ఫోను కూడా చేయకుండా, ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు, కేకు మీది పేరు తన చేత్తో రాసి, డబ్బు కట్టి, ఆర్డరు ముగించగలగాలి.' కింద కొలతలు రెండు. బయటూరి ఆర్డరుకి ఫోన్లు మూడు నెలల్లో ఒకటిన్నర నుంచి అరకి రావాలి, అంటే రెండు ఆర్డర్లకి ఒకటి. పేరు తప్పిన కేకు ఒక్కటీ ఉండకూడదు. సైటుకి ఎంతమంది వచ్చారన్న లెక్క కావాలనే రాయలేదు. పదివేలమంది చూసి వెళ్లినా లిఖిత నిఖితగానే ఉంటే మాకేం లాభం?

వాక్యం పక్కనే, సైటు చేయనివి కూడా రాశాం. పఫ్‌లు ఇంటికి పంపదు. ఇవాళ్టి కేకు ఇవాళ తీసుకోదు. పట్నం దాటి డెలివరీ లేదు. ఈ మూడో దానికి బావ గింజుకున్నాడు, ఆమదాలవలస మనూరు కాదా అని. స్టేషను పేరే శ్రీకాకుళం రోడ్ కదా అన్నాడు. స్టేషనుకి పేరు ఇచ్చినా క్రీము కరక్కుండా ఉండదని అక్క తేల్చేసింది.

ఆ వాక్యం దగ్గర పెట్టుకుంటే మిగతా తగవులు వాటంతటవే తీరిపోయాయి. బుట్ట కావాలా? ఒక మనిషి ఒకసారి ఒక్క కేకే కొంటాడు, వద్దు. 'మా గురించి'? కొడుక్కి కావలసింది బావ చరిత్ర కాదు, వద్దు. ఫొటోలు? అరకిలో, కిలో, రెండు కిలోల కేకులు మూడూ ఒకే పళ్లెంలో పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో ఒకటి చాలు, ఆ 61 ఫోన్లలో సగానికి అదే జవాబు. పేరు గడి ఇంగ్లీషులోనే ఉండాలి, ఎందుకంటే మా మాస్టరుది బరంపురం వైపు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు. తీసుకెళ్లే మనిషి ఫోను నంబరు తప్పనిసరి, ఎందుకంటే డబ్బు కట్టినవాడూ డబ్బా పట్టుకునేవాడూ ఒకరు కాదు.

ఒక్కచోట మాత్రం వాక్యమే మమ్మల్ని ఇరుకున పెట్టింది. ఎనిమిది ఆర్డర్లు నిండాక, లేదా మాస్టరు సెలవు పెడితే, ఆ రోజుకి తలుపు మూయాలి. ఎవరు మూస్తారు? రాత్రి ఎనిమిదికి కౌంటరు కిటకిటలాడుతుంటే కంప్యూటరు తెరిచే తీరిక ఎవరికి? అక్క తన ఫోన్లో ఒక్క నొక్కుతో మూయగలిగితేనే ఈ పని మొదలుపెడదాం, లేకపోతే మానేద్దాం అనుకున్నాం. చేసేవాళ్లకి చెప్పిన మొదటి షరతు అదే. రంగుల గురించి అప్పటికి ఒక్క మాటా లేదు.

ఇదే నోటుపుస్తకం పద్ధతి విజయనగరంలో, కోటకీ గంటస్తంభానికీ నడుమ బేకరీ ఉన్న మా స్నేహితుడికి చెప్పాను. అతనికి జవాబు వేరుగా తేలింది. అతని గిరాకీ అంతా కాలేజీ పిల్లలు, బజారుకి వచ్చినవాళ్లు. పుస్తకంలో నిండా 'తెరిచి ఉందా' అన్న ఫోన్లే. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగే రోజున ఆ దారిలో బండ్లు కదలవు, కొట్టు ఉందో లేదో ఎవరికీ తెలియదు. గూగుల్ మ్యాపులో అతని కొట్టు గుర్తు పక్క వీధిలో ఉంది, మూసే వేళ పాతది. ఆ రెండూ సరిచేసి, పండగ రోజుల వేళలు విడిగా పెట్టుకున్నాడు. ఖర్చు సున్నా. వెబ్‌సైట్ ఆలోచన మానేశాడు, మంచి పని చేశాడు.

బావ సైటు మొదలై మూడు నెలలు దాటింది. మళ్లీ రెండు వారాలు పుస్తకం పెట్టాం. బయటూరి ఆర్డర్లు 21, వాటికోసం వచ్చిన ఫోన్లు 13. అనుకున్న అరకి ఇంకా రాలేదు. పేరు తప్పిన కేకు లేదు. ఆ 13లో తొమ్మిది ఒకే ప్రశ్న: "డబ్బులు కట్టాను, మీకు అందాయా?" ఆర్డరు ముగియడమంటే డబ్బు కట్టడం అని మేం రాసుకున్నాం. ఆ కొడుకు దృష్టిలో మాత్రం అవతల మనిషి 'అందింది' అంటేనే ముగిసినట్టు. ఆ వాక్యాన్ని ఐదోసారి కొట్టేసి, 'కొట్టు నుంచి ఒప్పుకోలు అందుకుని' అని చేర్చాం. ఇప్పుడు డబ్బు పడగానే, రాసిన పేరు ఉన్నదున్నట్టు వాట్సాప్‌లో తిరిగి వెళుతుంది.

సైటుకి ఏ రంగు వేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్క గులాబీ అంటోంది. బావ కరాచీ బేకరీ వైపే చూస్తున్నాడు.