వార్తల్లో పదం: వహకురా

ఒకే గది ఇల్లు, ఒకే పరుపు. పసిబిడ్డను పక్కలో వేసుకోక ఇంకెక్కడ పడుకోబెడతారు? బిడ్డతో ఒకే పక్క మీద పడుకోవడాన్ని వైద్యులు ‘బెడ్ షేరింగ్’ అంటారు.

ఇందులో బిడ్డకు ఊపిరాడని ముప్పు ఉంది, అదీ ఎక్కువగా మొదటి నాలుగు నెలల్లో. మెత్తటి పరుపు పెద్దవాళ్ల బరువుకి గుంటపడుతుంది, బిడ్డ అటు దొర్లుతుంది. ముక్కుకి దిండో దుప్పటో అడ్డొస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. తల తిప్పుకునే బలం ఉండదు, ఏడుపూ వినిపించకపోవచ్చు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ముప్పు ఇంకా ఎక్కువ. పక్కనున్నవారు పొగతాగేవారైనా, మద్యం, మత్తుమందు తీసుకున్నా అంతే. సోఫాలో బిడ్డతో కునుకు తీయడం మంచం కంటే ప్రమాదం.

న్యూజిలాండ్‌లో మావోరీ కుటుంబాలకు ‘పక్కలో వద్దు’ అన్న మాట ఎక్కలేదు. అందుకే 2006 ప్రాంతంలో అక్కడి నేతగత్తెలు, వైద్యులు కలిసి హరకెకె అనే నారమొక్క ఆకులతో చిన్న బుట్ట అల్లారు. అదే వహకురా. బుట్ట పెద్దల పక్క మీదే ఉంటుంది, బిడ్డకు మాత్రం వేరే చోటు. మన పురిటి చేట గుర్తొస్తుంది కానీ, ఇది రోజూ నిద్రకే.

బుట్ట లేని ఇంట్లో? నేల మీద, తల్లి చేతికందే దూరంలో, గట్టి సమతలపు పరుపు మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, బొంత అక్కర్లేదు. పాలిచ్చాక మళ్లీ అక్కడికే చేర్చాలి.