చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?

బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన 72 ఏళ్ల పెద్దావిడను కొడుకు ఆస్పత్రికి తీసుకొచ్చాడనుకుందాం. మందులేమైనా వాడుతున్నారా అని డ్యూటీ డాక్టరు అడిగితే, ‘బీపీకి, కీళ్లకు, గుండెకు వేసుకుంటుందండీ’ అన్నాడతను. మందుల పేర్లు తెలియవు, మోతాదులూ తెలియవు.

మెడికేషన్ రికన్సిలియేషన్ ఫారం పని ఇక్కడే మొదలవుతుంది. ఇంట్లో వాడే ప్రతి మందు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఈ సమాచారం ఎవరు చెప్పారు అనేవి వరుసగా రాస్తారు. ఆ పక్క గడిలో డాక్టరు నిర్ణయం ఉంటుంది: కొనసాగించాలా, ఆపాలా, మార్చాలా. రోగి చేరిన 24 గంటల్లోపు ఇది పూర్తికావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘హై 5స్’ కార్యక్రమం నిర్దేశించింది.

ఒక్కరి మాట మీదే ఆధారపడకూడదు. అందుకే నర్సు పెద్దావిడ మందుల సంచి తెప్పించి, పాత చీటీలతో పోల్చి చూసింది. మందుల షాపులో స్ట్రిప్పును కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అలాంటప్పుడు షాపుకు ఫోన్ చేయక తప్పదు. కంటి చుక్కలు, ఇన్సులిన్, ఆయుర్వేద గుళికలు విడిగా అడిగితేనే బయటపడతాయి. చాలామంది వాటిని మందులుగా లెక్కవేయరు.

సంచిలో కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ దొరికింది. చీటీ ప్రకారం వారానికి ఒక్కసారి, ఆదివారం 15 మిల్లీగ్రాములు. వార్డు చార్టులో మాత్రం ‘రోజూ’ అని పడింది. ఈ మందును రోజూ ఇస్తే నోటిపూత వస్తుంది, ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి రావచ్చు. నర్సు ఆ తేడాను ఫారంలో రాసి వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది.

గుండెకని కొడుకు చెప్పింది ఎపిక్సాబాన్. రక్తం గడ్డకట్టకుండా రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్ర ఇది. పొద్దున 8 గంటలకు వేసుకున్నానని ఆవిడే చెప్పింది. ‘ఈరోజు వేసుకుంది’ అని రాస్తే చాలదు, గంట కావాలి. మందు ప్రభావం ఉండగా వెన్నులో మత్తు సూది వేస్తే వెన్నుపాము చుట్టూ రక్తం చేరి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. తుంటి ఆపరేషన్‌ను మరీ వాయిదా వేసినా ముప్పే. ఎంత ఆగాలో, ఏ మత్తు ఇవ్వాలో మత్తు డాక్టరు ఆ గంటను, కిడ్నీల పనితీరును చూసి తేల్చుకోవాలి.

చార్టులో ఒక మందు లేకపోతే, కావాలని ఆపారో మర్చిపోయారో చూసి చెప్పలేం. అందుకే ఎపిక్సాబాన్ ఎదుట ‘ఆపాం, కారణం ఆపరేషన్, మళ్లీ ఎప్పుడన్నది సర్జన్ చెబుతారు’ అని రాసి సంతకం చేశారు. ఆ వాక్యం లేకపోతే డిశ్చార్జి చీటీలో మాత్ర జారిపోతుంది. కొన్ని వారాల తర్వాత ఆవిడ పక్షవాతంతో తిరిగి రావచ్చు.