మక్క కంకి కాల్చుడు: బొగ్గుల మీద ఎంతసేపు, ఓవెన్‌లో ఎంతసేపు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో తొలకరికి వేసిన మక్క ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పచ్చి కంకి మీద ఉంటుంది. వాన కొంచెం తెరిపిచ్చిందంటే చాలు, రోడ్ల పక్కన నిప్పుల మీద కంకులు కాల్చేవాళ్లు కనిపిస్తారు. తెలుగులో మక్క కంకి అన్నా, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో భుట్టా అన్నా వస్తువు ఒకటే. ఇప్పుడు చాలా ఇళ్లలో చిన్న ఓవెన్ (ఓటీజీ) కూడా ఉంటోంది. అందులో కంకి పెట్టి తీస్తే బండి మీద రుచి రావడం లేదని, గింజ నమలలేనంత గట్టిగా అవుతోందని ఫిర్యాదు. తప్పు ఓవెన్‌ది కాదు. బొగ్గుల మీద చేసే పద్ధతినే ఓవెన్‌లోనూ చేయడం వల్ల వచ్చే చిక్కు ఇది.

ముందు గింజను గోటితో నొక్కి చూడాలి

కంకి పైఆకులు కొంచెం విప్పి, మధ్యలో ఉన్న ఒక గింజను బొటనవేలి గోటితో నొక్కాలి. పలుచని పాలు చిందితే అది లేత కంకి. ఉడకబెట్టుకోవడానికి బాగుంటుంది కానీ నిప్పుల మీద పెడితే గింజ ముడుచుకుపోతుంది. పాలు చిక్కగా, పెరుగులాగా వస్తే కాల్చడానికి అదే సరైన కంకి. గోరు దిగకపోతే ముదిరిపోయిందని అర్థం. దాన్ని ఎంతసేపు కాల్చినా మెత్తబడదు.

పొలం నుంచి విరిచిన గంట నుంచే కంకిలోని తీపి పిండిగా మారడం మొదలవుతుంది. అందుకే ఆ రోజు విరిచిన కంకి, పైఆకులు పచ్చగా ఉన్నది, ఆ రోజే కాల్చుకోవాలి. సూపర్‌మార్కెట్లో దొరికే స్వీట్ కార్న్ వేరే రకం. దాంట్లో నీరు, చక్కెర ఎక్కువ కాబట్టి త్వరగా ఉడుకుతుంది, త్వరగా మాడుతుంది. ఇక్కడ చెప్పే సమయాలు మన పొలాల్లో పండే మామూలు మక్క కంకికి సంబంధించినవి. స్వీట్ కార్న్ అయితే మూడో వంతు సమయం తగ్గించుకోవచ్చు.

రెండు వేడిల మధ్య తేడా

గింజ లోపల నీరు ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. లోపలి పిండి ఉడకడానికి 70 డిగ్రీల దాకా చాలు. కానీ మనకు నచ్చే ఎర్రటి రంగు, కాలిన వాసన రావాలంటే గింజ పైపొర ఆరిపోయి సుమారు 140 డిగ్రీలు దాటాలి. అంటే లోపల తడి ఉండాలి, పైన ఆరాలి. రెండూ ఒకేసారి జరగాలి.

ఎర్రగా మండే నిప్పుల దగ్గర ఇది సులభం. ఆ సెగ సూటిగా గింజ పైపొరకు తగిలి, నిమిషంలోనే దాన్ని ఆరబెట్టి రంగు తెస్తుంది. లోపలి తడి బయటికి పోయేంత టైం ఉండదు. ఓవెన్‌లో కంకికి వేడి ఇచ్చేది ఎక్కువగా గాలి. గాలి నెమ్మదిగా వేడినిస్తుంది. ఆకులు తీసేసిన కంకిని అందులో పెడితే పైపొర ఎర్రబడే లోపలే గింజలోని తడి కూడా పోతుంది. రంగు వచ్చేసరికి గింజ రాయిలా అవుతుంది.

బొగ్గుల మీద: మూడు చుట్లు, పన్నెండు నిమిషాలు

ముందు బొగ్గు సంగతి. భూపాలపల్లిలో బొగ్గు అంటే ముందు గుర్తొచ్చేది సింగరేణి కేటీకే గనుల బొగ్గు. అది తిండి కాల్చడానికి పనికిరాదు. దాంట్లో గంధకం ఉంటుంది, ఆ పొగ కంకికి పడుతుంది, ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కంకికి కావలసింది కట్టె బొగ్గు. అంటించడానికి కిరోసిన్ పోస్తే ఆ వాసన చివరిదాకా వదలదు. కాగితం, ఎండు పుల్లలు చాలు.

నాలుగు కంకులకు అర కిలో బొగ్గు సరిపోతుంది. అంటించిన తర్వాత 20 నిమిషాలైనా ఆగాలి. మంట ఆరిపోయి, బొగ్గుల మీద పలుచగా తెల్ల బూడిద కనిపించి, లోపల ఎర్రగా ఉన్నప్పుడే కంకి పెట్టాలి. నాలుగు వేళ్ల ఎత్తులో అరచేయి పెట్టి చూస్తే మూడు నాలుగు సెకన్ల కంటే ఎక్కువ ఉంచలేకపోవాలి. రెండో సెకనుకే చెయ్యి తీయాల్సి వస్తే నిప్పు ఎక్కువైనట్టు. ఆరు సెకన్లు ఉంచగలిగితే తక్కువైనట్టు.

కంకి మీద గింజల వరసలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి, సాధారణంగా 12 నుంచి 16. కంకిని నాలుగు పక్కలుగా అనుకుంటే ఒక్కో పక్క మూడు నాలుగు వరసలు. ఒక్కో పక్కను ఒక నిమిషం ఉంచి పావు వంతు తిప్పాలి. నాలుగు పక్కలూ అయితే ఒక చుట్టు, అంటే నాలుగు నిమిషాలు. ఇలాంటివి మూడు చుట్లు.

మొదటి చుట్టులో రంగు పెద్దగా మారదు, గింజలు నిగనిగలాడుతూ పసుపు చిక్కబడుతుంది. అప్పుడే నల్ల మచ్చలు వస్తే కంకి నిప్పులకు మరీ దగ్గరగా ఉందని తెలుసుకోవాలి. రెండో చుట్టులో గింజలు చిటపటమంటాయి. లోపలి నీరు ఆవిరై పైపొరను తన్నుతున్న చప్పుడు అది. మూడో చుట్టులో గోధుమ రంగు మచ్చలు వచ్చి, అక్కడక్కడ ఒక్కో గింజ నల్లబడుతుంది. అక్కడ ఆపేయాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు విసనకర్ర దగ్గరే. ఆగకుండా విసిరితే నిప్పు రేగి ఐదు నిమిషాలకే కంకి నల్లగా అవుతుంది. కొరికితే లోపల పచ్చి పాలు తగులుతాయి. విసరడం మొదటి రెండు చుట్లలో వద్దు. రంగు కావాల్సిన చివరి చుట్టులో నాలుగైదు సార్లు విసిరితే చాలు. నెయ్యి, నూనె కూడా నిప్పు మీద ఉండగా రాయొద్దు. చుక్క కింద పడితే మంట లేచి మసి కంకికి అంటుతుంది.

వాన వస్తే కుంపటిని గదిలోకి తేవద్దు

వానాకాలంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చినుకులు మొదలవగానే అంగీఠీని, కుంపటిని గదిలోకి తెచ్చి తలుపు దగ్గరగా వేస్తారు. పొగ రావడం లేదు కదా అనుకుంటారు. పొగ లేని ఎర్ర నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలయ్యేసరికి మనిషికి లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. నిద్రపోతున్న పిల్లలకైతే అసలు తెలియదు.

కుంపటి వరండాలోనో, చూరు కిందో, మూడు పక్కలా గాలి ఆడే చోటే ఉండాలి. పని అయ్యాక కూడా బూడిద కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది, కాబట్టి నీళ్లు పోసి చల్లార్చాకే లోపలికి తేవాలి. ఎవరికైనా పై లక్షణాలు కనిపిస్తే వెంటనే బయటి గాలికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయాలి. కుంపటి పెట్టే చోటు లేని ఇళ్లకు ఓవెనే మేలు అనడానికి ఇదే పెద్ద కారణం.

ఓవెన్‌లో: ముందు ఆకులతో, తర్వాత ఆకులు లేకుండా

ఓవెన్‌లో ఉడకడం, ఎర్రబడడం రెండూ ఒకేసారి జరగవు కాబట్టి ఆ రెండు పనులనూ విడదీయాలి. అదే నాలుగు కంకులు తీసుకుందాం. మట్టి పట్టిన పైఆకులు తీసేసి, లోపలి మూడు నాలుగు పొరలు ఉంచాలి. వాటిని కిందికి విప్పి పీచు తీసేసి, మళ్లీ పైకి మూయాలి. కొసన వేలాడే ఆకులను కత్తిరించాలి. లేకపోతే అవి పైరాడ్‌కు తగిలి అంటుకుంటాయి. ఒకసారి నీళ్లలో ముంచి తీస్తే ఆకులు త్వరగా ఎండవు.

ఓవెన్‌ను 220 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ముందే వేడి చేయాలి. కంకులను మధ్య అరలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. 15 నిమిషాలకు ఒకసారి బోర్లా తిప్పి, ఇంకో 15 నిమిషాలు ఉంచాలి. ఇక్కడ ఎక్కువసార్లు తిప్పాల్సిన పని లేదు. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి వేడి పడిపోతుంది. ఈ అరగంటలో కంకి తన ఆవిరిలోనే ఉడుకుతుంది. రంగు రాదు, రాకూడదు కూడా.

తర్వాత గుడ్డతో పట్టుకుని ఆకులు తీసేయాలి. ఆవిరి ఒక్కసారిగా వస్తుంది, చెయ్యి జాగ్రత్త. కంకికి పలుచగా నూనె గానీ నెయ్యి గానీ రాయాలి. ఇప్పుడు కింది రాడ్ ఆపేసి పైరాడ్ మాత్రమే పూర్తి వేడిలో ఉంచి, కంకులను దానికి రెండంగుళాల దూరంలో పెట్టాలి. ఎర్రబడిన ఆ రాడ్ చేసేది నిప్పుల పనే. ఒక్కో పక్క రెండు నిమిషాలు, నాలుగు పక్కలకు ఎనిమిది నిమిషాలు. ఈ దశలో మాత్రం దగ్గరే నిలబడి తిప్పాలి.

మొత్తం 50 నిమిషాల దాకా పడుతుంది. 1500 వాట్ల ఓవెన్ అయితే సుమారు ఒక యూనిట్ కరెంటు. నాలుగు కంకులకు ఒక్కసారే వేస్తేనే లెక్క కుదురుతుంది. ఒక్క కంకి కోసం ఓవెన్ వేయడం దండగ. గ్రిల్ లేని మామూలు మైక్రోవేవ్‌లో కంకి ఉడుకుతుంది కానీ ఎర్రబడదు.

ఓవెన్ ఇవ్వలేనిది బొగ్గు వాసన. కబాబ్‌లకు ధుంగార్ వేసే ఇళ్లలో దానికి దారి తెలుసు. కాల్చిన కంకులను దేగ్చీలో పెట్టి, మధ్యలో చిన్న కటోరీలో ఒక ఎర్ర నిప్పు ఉంచి, రెండు చుక్కల నెయ్యి వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు ఆగితే చాలు. కిటికీ తెరిచే చేయాలి.

ఎంత నలుపు చాలు?

పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటి వేగినప్పుడు ఆక్రిలమైడ్ అనేది తయారవుతుంది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1994లో దీన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే జాబితాలో పెట్టింది. రంగు ముదిరేకొద్దీ ఇది పెరుగుతుంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2017లో ప్రజలకు చెప్పిన సలహా కూడా రంగు గురించే: బంగారు రంగు దగ్గర ఆపేయండి అని. వానాకాలంలో నాలుగు కంకులు తిన్నందుకు భయపడాల్సింది లేదు. కానీ కంకి అంతా నల్లబడేదాకా కాల్చడం వల్ల రుచీ రాదు, మేలూ లేదు.

గుర్తు తేలికే. ఎక్కువ గింజలు బంగారు రంగులో, మూడో వంతు గోధుమ రంగులో, అక్కడక్కడ ఒకటి రెండు నల్లగా ఉంటే అది సరైన కంకి. వేలితో రుద్దితే మసి అంటే గింజలు చేదుగా ఉంటాయి. వాటిని చాకుతో గీకేయాలి. పిల్లలకు ఇచ్చే కంకిని ఒక చుట్టు తక్కువ కాల్చినా ఉడికే ఉంటుంది.

ఉప్పు, కారం, నిమ్మచెక్క నిప్పు మీంచి దించాకే. ముందే రాస్తే కారం మాడి ఇల్లంతా దగ్గు పుడుతుంది. వరంగల్ వైపు దొరికే చపాట మిర్చి కారం అయితే రంగు బాగుంటుంది, ఘాటు తక్కువ. కంకిని వేడి మీదే తినాలి. చల్లారిందంటే ఉడికిన పిండి మళ్లీ బిగుసుకుంటుంది. అప్పుడు బొగ్గుల మీద కాల్చిందైనా, ఓవెన్‌లోదైనా పళ్లకు పనే.