బుధవారం పదిహేను నిమిషాలు

డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని ఆవిడ సోమవారం తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉన్నారు. ఎనిమిది నెలల తర్వాత రావడం. రొమ్ము క్యాన్సర్‌కి ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్ అయ్యాయి. అకౌంట్స్ సెక్షన్ అంతా లేచి చుట్టూ చేరింది. ఎవరో స్వీట్లు పంచారు. పదకొండింటికి ఆవిడ కంప్యూటర్ తెరిస్తే పాత పనులన్నీ మళ్లీ ఆవిడ పేరు మీదికి వచ్చేసి ఉన్నాయి. రెండు వారాలు తిరక్కుండానే, జీఎస్‌టీ రిటర్న్‌కి గడువు దగ్గరపడ్డ రోజుల్లో, రాత్రి పదింటికి కూర్చుని ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పంపించారు. ఆ సరుకుదారు మంచివాడు కాబట్టి తిప్పి పంపాడు. మర్నాడు ఆవిడ నా గదికి రాజీనామా కాగితంతో వచ్చారు.

ఆ కంపెనీలో హెచ్‌ఆర్ చూసేది నేనే. తప్పు నాదని ఒప్పుకోడానికి నాకు ఒక పూట పట్టింది. సర్టిఫికెట్ చూశాను, ఫైల్లో పెట్టాను, సంతకం చేయించాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను.

మన దగ్గర చిక్కంతా ఆ కాగితంలోనే ఉంది. అందులో రెండే మాటలుంటాయి: పనికి తగడు, పనికి తగును. మధ్యలో ఏమీ ఉండదు. మెడికల్ సెలవు నుంచి తిరిగొచ్చే ప్రభుత్వోద్యోగి కూడా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తేగాని చేరడానికి లేదు. ఇచ్చాక మాత్రం పూర్తి డ్యూటీ. బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టరు ఇచ్చే చీటీలో మూడో మాట ఒకటి చేరింది. ఫలానా సర్దుబాట్లు చేస్తే పని చేయగలరు, అంటే గంటలు తగ్గించి మెల్లగా పెంచండి, పని మార్చండి, సీటు మార్చండి అని డాక్టరే గుర్తు పెడతారు. జర్మనీలో ఇంకో అడుగు ముందుకెళ్లారు. ఏడాదిలో ఆరు వారాలకు మించి జబ్బు సెలవులో ఉన్న ఉద్యోగిని కూర్చోబెట్టి, తిరిగి ఎలా రావాలో మాట్లాడదామని యజమాని పిలవాల్సిందే. రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టే మెట్ల పద్ధతి అక్కడ పాతదే. ఆ కాలంలో మనిషి లెక్కకి ఇంకా సెలవులోనే ఉంటాడు, సిక్‌నెస్ భత్యం వస్తూనే ఉంటుంది.

మనకి ఈఎస్‌ఐ ఉంది. మామూలు జబ్బుకి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం, క్యాన్సర్ లాంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం లెక్కన ఇంకా ఎక్కువ కాలం ఇస్తుంది. కాని జీతం తీసుకుంటూ పనిచేసిన రోజుకి ఆ భత్యం రాదు. అందుకే సగం పూట పనిచేద్దామనుకున్నవాడికి ఆ మిగతా సగం పూట ఎటూ కాకుండా పోతుంది. ఆ ఖాళీ కంపెనీ పూడ్చాలి, లేదా ఆ మనిషి సెలవుల్లోంచి పూడాలి. ఆవిడ విషయంలో మొదటి నాలుగు వారాలు పూర్తి జీతం కంపెనీ ఒప్పుకుంది. ఆ తర్వాత తక్కువైన గంటలకి ఆవిడ దాచుకున్న సెలవులు వాడాం. ఈ మాట పనిలో చేరకముందే కాగితం మీద ఉండాలి. జీతం ఎంత కోస్తారో తెలియని మనిషి మెల్లగా రాడు, పరిగెత్తుకొస్తాడు.

రాజీనామా పక్కన పెట్టి, కొద్దిరోజులు సెలవిచ్చి, మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి డాక్టరుని అడిగింది వేరు. జబ్బు వివరాలు వద్దన్నాను, రిపోర్టులూ వద్దన్నాను. ఏం చేయగలరు, ఏం చేయకూడదు, ఎన్నాళ్లు? ఆ మూడే. జవాబు ఒక పేజీలో వచ్చింది. ఆపరేషన్ జరిగిన వైపు చేత్తో బరువులు మోయకూడదు. కీమో మందుల వల్ల వేళ్ల చివర్లలో తిమ్మిరి ఉంది, గంటల తరబడి టైపింగ్ కష్టం. ఇరవై ఒక్క రోజులకోసారి ఇంజక్షన్ ఇంకా కొన్ని నెలలుంది. అన్నిటికన్నా ముఖ్యం అలసట. క్యాన్సర్ చికిత్స తర్వాతి అలసట నిద్రపోతే తీరే రకం కాదు. నెలల తరబడి ఉండొచ్చు. బాగున్న రోజున మనిషి రెండు రోజుల పని చేసేస్తాడు, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగడు. పేర్లు, అంకెలు గుర్తుండకపోవడం కూడా దీనితోపాటే ఉంటుంది. రెండుసార్లు పోయిన ఆ బిల్లు అజాగ్రత్త వల్ల పోలేదని నాకు అప్పుడర్థమైంది.

చేరే తేదీ క్యాలెండర్ చూసి పెట్టాం. అకౌంట్స్‌లో నెలకి కొన్ని మంట రోజులుంటాయి. ఏడో తేదీకి టీడీఎస్ కట్టాలి, పదకొండుకి జీఎస్‌టీఆర్-1, ఇరవైకి జీఎస్‌టీఆర్-3బీ. కాబట్టి ఇరవై దాటిన వెంటనే చేరమన్నాం. మొదటి రెండు వారాలు సోమ, బుధ, శుక్రవారాలు, రోజుకి నాలుగు గంటలు, పదిన్నర నుంచి రెండున్నర దాకా. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఆ వేళకి జనం పలచబడతారు, తిరుగు ప్రయాణంలో కూడా కూర్చోడానికి చోటు దొరుకుతుంది. ఎనిమిది గంటలు చేయలేనివాళ్లని నిలబెట్టి అలసగొట్టేది చాలాసార్లు దారే. ల్యాప్‌టాప్ మోయకుండా ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టాం. మూడు, నాలుగు వారాల్లో నాలుగు రోజులు, రోజుకి అయిదు గంటలు. అయిదు, ఆరు వారాల్లో అయిదు రోజులు, ఆరేసి గంటలు. ఏడు, ఎనిమిది వారాల్లో పూర్తి రోజు, కాని వారంలో రెండు రోజులు ఇంటి నుంచే.

గంటలు రాయడం తేలిక. చాలాచోట్ల ప్లాను బోర్లా పడేది గంటలు సగం చేసి పని మొత్తం అలాగే ఉంచడం వల్ల. అప్పుడు మనిషి రెండున్నరకి ఇంటికెళ్లి, రాత్రి మళ్లీ లాగిన్ అవుతాడు. అందుకని ప్రతి వారం పక్కన ఏ పని ఆవిడది, ఏది కాదు అని రాశాం. ముందు సరుకుదార్ల పాత ఖాతాలు సరిచూడడం. దానికి గడువు లేదు, మధ్యలో ఆపినా నష్టం లేదు. ఆ తర్వాత బ్యాంకు లెక్కలు. చెల్లింపులు ఆమోదించే అధికారం చిట్టచివర. ఆ వచ్చాక కూడా ఒక నెల ప్రతి చెల్లింపునీ రెండో మనిషి చూడాలని పెట్టాం.

మిగతా పని ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు. ఎనిమిది నెలలూ ఆ బరువు మోసిన జూనియర్ అబ్బాయి ముఖం చూస్తే తెలుస్తుంది. "మేడమ్ వచ్చారు కదా సార్, ఇక నాకు వదుల్తుందనుకున్నా" అన్నాడు ఒకరోజు క్యాంటీన్‌లో. అందులో కోపం కూడా లేదు, నీరసమే. ఆవిడ బదులుగా తీసుకున్న కాంట్రాక్టు అకౌంటెంట్‌ని ఆవిడ చేరిన రోజే పంపేశాం మొదట. తిరిగి పిలిచి ప్లాను పూర్తయ్యేదాకా ఉంచాం. ఆ ఖర్చు పెట్టనన్న కంపెనీలో ఈ పద్ధతి నడవదు. పక్క సీటువాడి జీతం లేని ఓవర్‌టైం మీద నడిచిన ప్లాను ఏదో ఒక రోజు తిరిగొచ్చినవాళ్ల మీదే పడుతుంది.

ఇక బుధవారాలు. ప్రతి బుధవారం పదకొండింటికి పదిహేను నిమిషాలు, తలుపున్న చిన్న గదిలో, ఆవిడా ఆవిడ మేనేజరూ. జీతం, సెలవుల సంగతులైతే నేనూ కూర్చునేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం పెట్టకపోవడానికి కారణముంది: అప్పటికి వారం అయిపోయి ఉంటుంది, సర్దడానికి ఏమీ మిగలదు. మొదటి బుధవారం మేనేజరు "ఎలా ఉన్నారు?" అని అడిగాడు. "బానే ఉన్నానండీ" అన్నారు. రెండో నిమిషానికే అయిపోయింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉన్నవాళ్లు ఆ ప్రశ్నకి ఇంకో జవాబు చెప్పరు.

తర్వాతి వారం ప్రశ్న మార్చాం. "మొన్న ఇంటికెళ్లాక ఏం చేశారు?"

ఆవిడ కాసేపు ఆగి, "చీర కూడా మార్చుకోలేదండీ, అలాగే పడుకున్నా. ఎనిమిదింటికి మావారు లేపి అన్నం పెట్టారు" అన్నారు.

మాకు కావలసింది అదే. పని గంటల్లో ఎలా ఉన్నారన్నదాని కంటే పని అయ్యాక ఎలా ఉన్నారన్నది అసలు సంగతి చెప్తుంది. పడుకుని మర్నాడు పొద్దున్నే తేరుకుంటే ఆ మెట్టు మీదే ఉండొచ్చు. మర్నాడు కూడా తేరుకోకపోతే, శని ఆదివారాలు రెండూ మంచం మీదే గడిస్తే, ప్లాను తొందరపడుతోందని లెక్క. ఇంకా కొన్ని గుర్తులు మేము వెతుక్కునేవాళ్లం: మధ్యాహ్నం తర్వాత తప్పులు పెరగడం, భోజనం మానేసి పని ముగించడం, టైమయ్యాక కూడా సీట్లోనే ఉండడం, రాత్రి పదికి పంపిన మెయిల్. చివరిది చూసి మెచ్చుకునే మేనేజర్లున్నారు. మా మేనేజరు కూడా మొదట్లో మెచ్చుకున్నాడు.

అయిదో వారంలో దెబ్బ తగిలింది. వారానికి ఇరవై గంటల నుంచి ముప్ఫైకి పెంచాం. సరిగ్గా అదే వారం ఇరవయ్యో తేదీ వచ్చింది. జూనియర్ తయారుచేసిన 3బీ సరిచూడమని ఆవిడకే ఇచ్చాం. గంటలూ పెరిగాయి, పని బరువూ పెరిగింది. రెండూ ఒక్కసారి పెంచకూడదని అప్పటికి మాకు తెలియదు. ఆ ఆదివారం ఆవిడ మంచం దిగలేదు. బుధవారం గదిలో కూర్చోగానే, "నేను ఫెయిలయ్యానండీ" అన్నారు.

ప్లానులో ముందే ఒక వాక్యం రాసుకుని ఉండడం అప్పుడు అక్కరకొచ్చింది: ఏ వారమైనా ఒక మెట్టు వెనక్కి వెళ్లొచ్చు, దానికి కొత్త సర్టిఫికెట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేనేజరు ఆ కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. మళ్లీ నాలుగో వారం గంటలకే వెళ్లాం. ఎనిమిది వారాలనుకున్నది పది వారాలయింది. మరుసటి నెల ఇరవైన 3బీ ఆవిడే ఫైల్ చేశారు, జూనియర్ పక్కన కూర్చున్నాడు.

ప్రతి పనికీ ఇది కుదరదు. బస్సు డ్రైవరుకి సగం ట్రిప్పు ఉండదు; రోజులు తగ్గించగలం, బండి మీద ఉన్నంతసేపూ పూర్తి తెలివి కావాల్సిందే. పదిమందున్న దుకాణంలో కాంట్రాక్టు మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు. అలాంటి చోట వారాలు తక్కువైనా సరే, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరస మాత్రం పెట్టుకోవచ్చు.

పూర్తి టైముకి వచ్చేశాక బుధవారాలు ఆపేద్దామన్నాడు మేనేజరు. నేను ఒప్పుకోలేదు. ఇంజక్షన్లు ఇంకా నడుస్తున్నాయి, మూణ్నెల్లకోసారి చెకప్ ఉంది. వారానికొకటి కాస్తా నెలకొకటి చేసి ఆర్నెల్లు కొనసాగించాం. అయిదో నెలలో ఒక బుధవారం, మేం ఇంకా ఏమీ అడగకముందే, ఆవిడ డైరీ తెరిచి, "వచ్చే సోమవారం నాకు స్కానింగ్ ఉంది. రిపోర్టు వచ్చేదాకా మనసు పని మీద ఉండదు. ఆ వారం కొత్త పనేదీ నాకివ్వకండి, పాత ఖాతాలు చూసుకుంటా" అన్నారు. మేనేజరు రాసుకున్నాడు. ఆ రోజు మీటింగు ఆరు నిమిషాల్లో అయిపోయింది.