ధర పెంచితే బేరం ఎంత తగ్గుతుంది?

ధర ఒక శాతం పెరిగితే అమ్మకం ఎన్ని శాతం తగ్గుతుందో చెప్పే అంకెను అర్థశాస్త్రంలో డిమాండ్ వ్యాకోచత్వం అంటారు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన స్థిరపడింది. ధర పెరిగితే అమ్మకం తగ్గుతుంది కాబట్టి ఈ అంకె మామూలుగా మైనస్‌లో ఉంటుంది. మైనస్ 0.5 వస్తే కొనేవాళ్లు ధరను పెద్దగా పట్టించుకోవడం లేదని అర్థం. మైనస్ 2 వస్తే ఒక శాతం పెంపుకు రెండు శాతం బేరం పోతోందని అర్థం. మైనస్ 1 ఈ రెండింటికీ నడుమ ఉన్న గట్టు. అది దాటితే ధర పెంచినకొద్దీ గల్లాపెట్టెలో పడే మొత్తం తగ్గుతుంది.

ఈ అంకెను పాత అమ్మకాల చిట్టా నుంచే రాబట్టవచ్చు, కానీ అన్ని సరుకులకూ కాదు. సబ్బులు, బిస్కెట్ల వంటివాటిని ప్యాకెట్ మీది ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. వాటి ధర నెలల తరబడి ఒకేచోట ఉంటుంది, కదలని ధర నుంచి ఏ లెక్కా రాదు. పిండివంటలు, పచ్చళ్లు, విడిగా తూచే దినుసుల వంటి, ధర కొట్టువాడి చేతిలో ఉండే సరుకులకే ఇది పనికొస్తుంది.

ఉదాహరణకు ఒక పిండివంటల కొట్టులో పది వారాల జంతికల అమ్మకం తీసుకుందాం. కిలో 240 రూపాయలున్న మొదటి మూడు వారాల్లో 61, 58, 63 కిలోలు పోయాయి. 260 చేశాక మూడు వారాల్లో 54, 56, 52 కిలోలు, 280 చేశాక నాలుగు వారాల్లో 47, 50, 71, 48 కిలోలు పోయాయి. స్ప్రెడ్‌షీట్‌లో వారానికి ఒక వరస చొప్పున, B గడుల్లో ధర, C గడుల్లో కిలోలు రాయాలి. ధర అంటే బోర్డు మీద రాసింది కాదు. తెలిసినవాళ్లకు తగ్గించి ఇచ్చిందీ అందులో కలవాలి. అందుకే ఆ వారం వచ్చిన రూపాయలను అమ్మిన కిలోలతో భాగించి రాయడం మేలు.

ఇక్కడ శాతాలతో నేరుగా లెక్క వేస్తే ఒక చిక్కు వస్తుంది. 71 కిలోలు పోయిన వారాన్ని ప్రస్తుతానికి పక్కన పెడితే, 240 దగ్గర సగటు అమ్మకం 60.7 కిలోలు, 280 దగ్గర 48.3. ధర 16.7 శాతం పెరిగితే అమ్మకం 20.3 శాతం తగ్గింది కాబట్టి జవాబు మైనస్ 1.22. అదే మార్పును తిరగేసి, 280 నుంచి 240కి తగ్గించినట్టు చూస్తే మైనస్ 1.79 వస్తుంది. సరుకూ అదే, కొనేవాళ్లూ అదే, అంకెలు మాత్రం రెండు! శాతాన్ని ఒకసారి చిన్న అంకె మీద, మరోసారి పెద్ద అంకె మీద కట్టడమే దీనికి కారణం. లాగరిథమ్ వాడితే ఎటునుంచి చూసినా మార్పు ఒకే కొలతలో ఉంటుంది. అప్పుడు వాలు చూపే అంకే వ్యాకోచత్వం.

D గడుల్లో ధరకు, F గడుల్లో కిలోలకు లాగరిథమ్ కట్టి, కింద వాలు అడగాలి:

```
D2:  =LN(B2)
F2:  =LN(C2)
     =SLOPE(F2:F11,D2:D11)
```

పది వారాలూ కలిపితే వాలు మైనస్ 0.83 వస్తుంది. గట్టుకు ఇవతలే ఉంది కనుక ధర పెంచితే రాబడి పెరుగుతుందని కొట్టు యజమాని సంబరపడవచ్చు. కానీ 71 కిలోలు పోయిన ఆ ఒక్కటీ దసరా వారం. దాన్ని తీసేసి తొమ్మిది వారాలకే లెక్కిస్తే వాలు మైనస్ 1.47 అవుతుంది. ఒక్క పండగ వరస జవాబును గట్టుకు అటుపక్క నుంచి ఇటుపక్కకు లాగేసింది. ఇటువంటి వరసను పట్టుకోవడానికి సూత్రాలేమీ అక్కర్లేదు. B, C గడులతో చుక్కల పటం గీస్తే మిగతావాటికి దూరంగా, పైన ఒంటరిగా నిలిచిన చుక్క కంటికే కనబడుతుంది.

తీసేయడానికి బదులు E గడుల్లో పండగ వారానికి 1, మిగతావాటికి 0 వేసి, రెండింటి ప్రభావాన్నీ ఒకేసారి అడగవచ్చు:

```
=LINEST(F2:F11,D2:E11,TRUE,TRUE)
```

జవాబులు కుడి నుంచి ఎడమకు తిరగబడి వస్తాయి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పై వరసలో మొదటిది పండగ అంకె 0.384, రెండోది ధర అంకె మైనస్ 1.47. `=EXP(0.384)` కడితే 1.47 వస్తుంది, అంటే దసరా అమ్మకాన్ని సుమారు 47 శాతం పెంచింది. ఇది 1.47 కావడం, ధర అంకె మైనస్ 1.47 కావడం కాకతాళీయమే, రెంటికీ సంబంధం లేదు.

కింది వరసలో ధర అంకె కిందనే 0.18 కనబడుతుంది. అది అంచనాలోని తడబాటు కొలత. దానికి రెట్టింపు అటూ ఇటూ వేస్తే, అసలు అంకె మైనస్ 1.1కీ మైనస్ 1.8కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇన్ని తక్కువ వారాలకు ఆ హద్దు ఇంకొంచెం వెడల్పుగా అనుకోవడమే క్షేమం.

వ్యాకోచత్వం మైనస్ 1.47 కాబట్టి ధర తగ్గించాలా? రాబడే చూస్తే అవుననిపిస్తుంది. వారానికి 240 దగ్గర సుమారు 14,560 రూపాయలు, 260 దగ్గర 14,040, 280 దగ్గర 13,530 వచ్చాయి. కానీ శనగపిండి, బియ్యప్పిండి, నూనె, గ్యాసు కలిపి కిలోకు 150 రూపాయలు ఖర్చనుకుంటే మిగులు వరసగా 5,460, 5,940, 6,280 రూపాయలు. రాబడి తగ్గుతున్నా మిగులు పెరిగింది. అమ్మని కిలోకు నూనె ఖర్చూ లేదు మరి. వ్యాకోచత్వాన్ని ఖర్చు పక్కన పెట్టి చూడకపోతే అది తప్పుదారి పట్టిస్తుంది.

అయితే ఈ లెక్కను ఇంకా ముందుకు లాగకూడదు. ఖర్చును, వ్యాకోచత్వాన్ని కలిపి అత్యుత్తమ ధర చెప్పే సూత్రం ఒకటి పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఇక్కడ దాన్ని వేస్తే కిలో 467 రూపాయలని వస్తుంది. అంచనా మైనస్ 1.8 అయితే అదే సూత్రం 340 దరిదాపుల్లో ఆగుతుంది, మైనస్ 1.1 అయితే 1,650కి ఎగబాకుతుంది. చిట్టాలో ఉన్నవి 240 నుంచి 280 వరకే కనుక, దాటాక కొనేవాళ్లు ఏం చేస్తారో అందులో లేదు. ఇంకో పది రూపాయలు పెంచి చూడవచ్చన్నదే ఈ అంకెలు ఇచ్చే సలహా.

చిట్టాలో కనబడని లోపాలు రెండున్నాయి. సాయంత్రానికే జంతికలు అయిపోయిన రోజున చిట్టా చూపేది అమ్మినదే తప్ప అడిగింది కాదు. సరుకు అయిపోయిన రోజులకు ఒక గుర్తు పెట్టుకుని, ఆ వారాలను లెక్కలోంచి తప్పించాలి. రెండోది, ఈ పది వారాల్లో ధర పైకే వెళ్లింది, ఒక్కసారీ దిగలేదు. అదే సమయంలో వీధి చివర మరో కొట్టు తెరిచినా, ఎండలు ముదిరి వేపుళ్ల మీద మోజు తగ్గినా, ఆ తగ్గుదల కూడా ధర ఖాతాలోనే పడుతుంది. ఈ రెంటినీ ఏ సూత్రమూ విడదీయలేదు. రెండు మూడు మామూలు వారాలు ధరను మళ్లీ 260కి దించి చూడాలి. అమ్మకం 54 కిలోల దగ్గరకు తిరిగొస్తే తగ్గించింది ధరేనని నమ్మవచ్చు. 48 దగ్గరే ఉండిపోతే కారణం వేరే చోట ఉంది.